అర మార్కు ఏ పంక్తిది? ఫోటోలోని స్కీమ్ నుంచి జవాబు చట్రం దాకా

(హైదరాబాద్‌లోని చిక్కడపల్లిలో, ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం బోధించే అధ్యాపకులు, కొందరు విద్యార్థులు హాజరైన ఒక ఆదివారపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. తెర మీద చూపిన చిత్రాలు లేకుండా చదువుకునేందుకు వీలుగా కొన్నిచోట్ల వాక్యాలు సవరించడమైనది.)

సభకు విచ్చేసిన అధ్యాపక మిత్రులకు, వెనక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

ఈరోజు నేను మాట్లాడబోయేది చాలా చిన్న పని గురించి. పరీక్ష అయిపోయిన తరువాత పేపర్లు దిద్దడానికి తయారుచేసిన స్కీమ్‌ను ఎవరో ఫోన్‌తో ఫోటో తీస్తారు. అది గ్రూపుల్లో తిరుగుతుంది. విద్యార్థి దాన్ని దాచుకుంటాడు, రెండు వేళ్లతో పెద్దది చేసి ఒకసారి చూస్తాడు, ఆ తరువాత మరిచిపోతాడు. ఆ ఫోటోనుంచి, ఏ ప్రశ్నలో ఏ పంక్తికి ఎన్ని మార్కులున్నాయో చూపే జవాబు చట్రాన్ని తప్పు లేకుండా ఎలా తయారుచేయాలన్నదే నా విషయం. తేలికగా కనిపించే ఈ పనిలో నేనూ, నా విద్యార్థులూ చేసిన తప్పులు చాలా ఉన్నాయి కనుక, అన్ని ప్రశ్నలనూ తిప్పకుండా ఒకే ఒక్క ప్రశ్నను తీసుకుని మొదటినుంచి చివరిదాకా మీ ముందు చేసి చూపిస్తాను.

ఆ ప్రశ్న మీకందరికీ పరిచయమైనదే. మా ప్రీఫైనల్ పరీక్షలో 19వ ప్రశ్నగా, అంటే మూడు దీర్ఘ సమాధాన ప్రశ్నల్లో మొదటిదిగా, 8 మార్కులకు ఇచ్చినది: ‘విద్యుత్ వలయానికి సంబంధించిన కిర్కాఫ్ నియమాలను తెలిపి, వాటి సహాయంతో వీట్‌స్టన్ బ్రిడ్జి సంతులన నిబంధనను రాబట్టండి. ఒక వీట్‌స్టన్ బ్రిడ్జిలో P = 10 Ω, Q = 15 Ω, R = 12 Ω అయితే, బ్రిడ్జి సంతులనంలో ఉండటానికి S విలువ ఎంత ఉండాలి?’ దీనికి స్కీమ్ రాసినవారు మా సహాధ్యాపకులొకరు. రూళ్ల కాగితం మీద, నీలి సిరాతో, తెలుగూ ఇంగ్లీషూ కలిపి రాశారు. ఇది మా కళాశాల వరకే పరిమితమైన స్కీమ్ తప్ప బోర్డుది కాదని ముందే చెబుతున్నాను. బోర్డు పరీక్షలో ఇదే ప్రశ్నకు మార్కుల పంపకం ఇలాగే ఉంటుందని నేను అనడం లేదు. చదివే పద్ధతి మాత్రం దేనికైనా ఇదే.

మొదట ఫోటో సంగతి. స్కీమ్‌లో మనకు కావలసిన సమాచారమంతా కాగితం కుడి అంచున, ఒక అంగుళం వెడల్పున్న జాగాలో ఉంటుంది. ఫోటో తీసేవారి చూపు మాత్రం మధ్యలో ఉన్న రాత మీద ఉంటుంది. అందువల్ల కుడి అంచు కొంత తెగిపోతుంది, లేదా ఫోన్ నీడ సరిగ్గా అక్కడే పడుతుంది. నా చేతికి వచ్చిన మొదటి ఫోటోలో కింది నాలుగు పంక్తుల మార్కులు అసలు లేవు. మళ్లీ తీయమని అడిగే వీలుంటే రెండు ఫోటోలు అడగండి. ఒకటి కాగితం నాలుగు మూలలూ కనబడేలా నిటారుగా పైనుంచి తీసినది, రెండోది కుడి అంచును మాత్రమే దగ్గరగా తీసినది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి. ఫోటోగా పంపితే అది కుదించుకుపోతుంది. కుదింపులో ముందుగా చెరిగిపోయేది సన్నని గీతలే. ½ అన్న గుర్తులో మధ్య గీత పోతే అది 12గానో, 1 పక్కన ఒక మచ్చగానో మిగులుతుంది.

ఫోన్‌లోనే ఫోటోనుంచి అక్షరాలను తీసుకునే సదుపాయం ఉంది కదా అని మీరు అడగవచ్చు. అచ్చు వేసిన స్కీమ్‌కు అది కొంత పనికివస్తుంది. కానీ అది రాతను ఒక దిమ్మెగానూ, కుడి అంచున ఉన్న అంకెలను వేరే దిమ్మెగానూ చదివి, అంకెలన్నిటినీ చివర్లో ఒకచోట గుట్టగా పోసే అవకాశం ఎక్కువ. అప్పుడు ఏ అంకె ఏ పంక్తిదో తెలియదు. మన పనంతా ఆ సంబంధాన్ని నిలబెట్టుకోవడమే కనుక, నేను చేత్తోనే ఎక్కిస్తాను.

ఇప్పుడు ఎక్కించడం మొదలుపెడదాం. ఫోటోలో 19వ ప్రశ్న కింద ఉన్నది ఇది: సంధి నియమం, పక్కన 1. లూప్ నియమం, పక్కన 1. పటం, పక్కన 1½. తరువాత రెండు సంధి సమీకరణాలు, వాటిని కలుపుతూ ఒక మీసం బ్రాకెట్టు, దాని మొన దగ్గర 1. తరువాత రెండు లూప్ సమీకరణాలు, మళ్లీ అలాంటి బ్రాకెట్టే, 1. తరువాత I_g = 0 అన్న పంక్తి, దాని పక్కన ఏమీ లేదు. తరువాత P/Q = R/S, పక్కన ½. ఆపైన లెక్క: సూత్రం ½, ప్రతిక్షేపణ ½, జవాబు ప్రమాణంతో 1.

నేను చెబుతుంటే ఇదంతా స్పష్టంగానే ఉంది. ఒక విద్యార్థి చేత దీన్ని ఎక్కించినప్పుడు ఏమైందో చూడండి. ఆ అబ్బాయి శ్రద్ధగలవాడే. కానీ లూప్ సమీకరణాల దగ్గరున్న బ్రాకెట్టును గమనించక, రెండు సమీకరణాలకూ చెరో మార్కు రాసుకున్నాడు. మొత్తం కూడితే 9 వచ్చింది. ప్రశ్నకు ఉన్నవి 8. తప్పు జరిగిందని అక్కడే తెలిసిపోయింది, ఫోటోలోకి మళ్లీ వెళితే బ్రాకెట్టు కనబడింది. కాబట్టి మొదటి తనిఖీ ఇదే: ప్రతి ప్రశ్నకూ విడివిడి మార్కుల మొత్తం ప్రశ్నపత్రంలో అచ్చైన మార్కులతో సరిపోవాలి.

ఈ కూడికను సులువు చేసుకోవడానికి ఒక అలవాటు చెబుతాను. భిన్నాలను భిన్నాలుగా రాసుకోవద్దు. అన్నిటినీ అర మార్కుల్లోకి మార్చుకోండి. 8 మార్కులంటే 16 అరలు. సంధి నియమం 2, లూప్ నియమం 2, పటం 3, సంధి సమీకరణాలు 2, లూప్ సమీకరణాలు 2, నిబంధన 1, సూత్రం 1, ప్రతిక్షేపణ 1, జవాబు 2. కూడితే 16. ఇలా రాసుకుంటే 1½ను ఎవరూ పదకొండు బై రెండుగా చదవరు, మొత్తం సరిపోయిందో లేదో నోటిలెక్కగా తేలిపోతుంది.

ఒక చిన్న పక్కమాట. స్కీమ్ మొత్తాన్ని కూడి, 60 రాలేదని కంగారుపడినవారిని చూశాను. మన భౌతికశాస్త్రం పేపర్లో 2 మార్కుల ప్రశ్నలు పది, 4 మార్కులవి ఎనిమిదింటిలో ఆరు, 8 మార్కులవి మూడింటిలో రెండు రాయాలి. స్కీమ్ రాసేవారు మాత్రం 21 ప్రశ్నలకూ రాస్తారు కనుక మొత్తం 20, 32, 24 కలిసి 76 రావాలి. 60 వచ్చిందంటేనే అనుమానించాలి, ఎక్కడో ఒక పేజీ తగ్గి ఉంటుంది.

అయితే మొత్తం సరిపోయినంత మాత్రాన ఎక్కించినది సరైనదని కాదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. రెండోసారి మరో విద్యార్థిని ఎక్కించింది. కూడితే 16 అరలూ సరిగ్గా వచ్చాయి. కానీ ఆమె కాగితంలో పటానికి 1, సంధి సమీకరణాలకు 1½ ఉన్నాయి. కారణం వెతికితే, ఫోటో తీసిన ఫోన్ కొద్దిగా పక్కకు వాలి ఉంది. వాలిన ఫోటోలో ఎడమవైపు మూడో పంక్తి ఉన్న ఎత్తులోనే కుడివైపు నాలుగో పంక్తి మార్కులు కనిపిస్తాయి, అలా రెండు మార్కులు ఒకదాని చోటికి ఒకటి వెళ్లాయి. మొత్తం మారలేదు కనుక కూడిక దీన్ని పట్టుకోలేదు.

దీన్ని పట్టించింది రెండు విషయాలు. ఒకటి, అంకె తన పంక్తికి నప్పుతుందా అన్న ప్రశ్న. బ్రాకెట్టులో ఉన్నవి రెండు సమీకరణాలు, రెండూ ఒకే రకమైనవి. ఒకటిన్నర మార్కును వాటికి సమానంగా పంచలేము. పావు మార్కులు ఆ స్కీమ్‌లో మరెక్కడా లేవు. పంచడానికి కుదరని అంకె కనిపిస్తే అది పక్క పంక్తిదేమోనని చూడాలి. రెండోది, కాగితం మీది రూళ్లు. ఫోటో వాలినా రూళ్ల గీతలు కూడా దానితోపాటే వాలుతాయి కనుక, ఎడమ అంచున పంక్తి ఏ రూలు మీద మొదలైందో అదే రూలును వేలితో పట్టుకుని కుడి అంచుదాకా వెళితే సరైన అంకె దగ్గరికే చేరుతాము. తెల్లకాగితం మీద రాసిన స్కీమ్ అయితే ఫోటోను ప్రింటు తీసి, పంక్తి అడుగు వెంట స్కేలుతో గీత గీయండి. ప్రింటుకు రెండు రూపాయలో మూడు రూపాయలో అవుతుంది, మన చిక్కడపల్లిలో జిరాక్సు షాపులకు కొదవ లేదు.

ఇంతవరకు చేసినది చదవడం మాత్రమే. దీన్ని జవాబు చట్రంగా మార్చేటప్పుడు, స్కీమ్‌ను ఉన్నది ఉన్నట్టు దించుకుంటే సరిపోదు. స్కీమ్ రాసింది దిద్దేవారి కోసం. దిద్దేవారికి విషయం తెలుసు కనుక ‘పటం 1½’ అని రాస్తే చాలు. విద్యార్థికి అది చాలదు. ఆ పంక్తిని చూసి కాగితం మీద ఏం కనబడాలో అతనికి తెలియాలి. అందుకే చట్రంలో ప్రతి పంక్తికీ మూడు గదులు పెడతాను. మొదటి గదిలో అర మార్కుల సంఖ్య. రెండో గదిలో జవాబు పత్రం మీద కళ్లకు కనబడవలసినది. మూడో గదిలో, ఆ మార్కు తన ముందున్న ఏ పంక్తి మీద ఆధారపడుతుందో.

మూడో గది గురించి కొంత వివరంగా చెప్పాలి. స్కీమ్‌లో ఉండే మార్కులన్నీ ఒక తీరువి కావు. సంధి నియమానికిచ్చే మార్కు దేనిమీదా ఆధారపడదు. ‘ఒక సంధి వద్ద కలిసే విద్యుత్ ప్రవాహాల బీజీయ మొత్తం శూన్యం’ అన్న వాక్యం సరిగ్గా ఉంటే, తరువాత ఉత్పాదన అంతా తప్పైనా ఆ మార్కు వస్తుంది. P/Q = R/S కు ఇచ్చే అర మార్కు అలాంటిది కాదు. దాని వెనక సమీకరణాలు ఉండాలి. బ్రిటన్ పరీక్షా సంస్థల గణితం స్కీముల్లో ఈ తేడాను అక్షరాలతోనే చూపిస్తారు. పద్ధతికిచ్చే మార్కుకు M, ఆ పద్ధతి మీద ఆధారపడి ఫలితానికిచ్చే మార్కుకు A, దేనిమీదా ఆధారపడని మార్కుకు B. మన స్కీముల్లో ఆ అక్షరాలు ఉండవు కనుక ఆధారపడటం ఎక్కడుందో మనమే విషయాన్నిబట్టి గుర్తించి మూడో గదిలో రాసుకోవాలి. సీబీఎస్ఈ 12వ తరగతి భౌతికశాస్త్రం మార్కింగ్ స్కీములు చూసినవారికి తెలుసు, చాలా ప్రశ్నల్లో జవాబుకు ముందు ఒక పెట్టెలో మార్కుల పంపకం ఇచ్చి, కింద విలువగల అంశాలను పంక్తి పంక్తిగా ఇస్తారు. అక్కడ కూడా ఏది దేనిమీద ఆధారపడుతుందన్నది చదివేవారే గ్రహించాలి.

ఇక పటం. 1½ అని మాత్రమే ఉంది, విడదీసి చెప్పలేదు. ఇలాంటిచోట మనంతట మనం భుజాలకు అర, ఘటానికి అర, బాణాలకు అర అని పంచి రాసుకోవద్దు. లేని పంపకాన్ని చట్రంలో రాస్తే విద్యార్థి దాన్ని నమ్మి ఒకటి వదిలేయవచ్చు. దానికి బదులు, తరువాతి పంక్తుల్లో ఏ గుర్తులు వాడబడ్డాయో చూసి, అవన్నీ పటంలో ఉండాలని రాసుకుంటే సరిపోతుంది. సమీకరణాల్లో I₁, I₂, I₃, I₄, I_g ఉన్నాయి. P, Q, R, S, G ఉన్నాయి. లూపుల పేర్లు ABDA, BCDB అని ఉన్నాయి. అంటే నాలుగు శీర్షాలకు A, B, C, D పేర్లు, AB లో P, BC లో Q, AD లో R, DC లో S, B నుంచి D కి గాల్వనామీటర్, A కీ C కీ మధ్య ఘటం, ఐదు ప్రవాహాలకూ బాణం గుర్తులు. పటానికి ఉన్న మూడు అరలూ రావాలంటే ఇవన్నీ ఉండాలి. స్కీమ్‌లో పటం గీయకపోయినా, స్కీమ్‌లోని సమీకరణాలే పటాన్ని చెబుతున్నాయి.

ఇక్కడ ఒక తప్పు తరచుగా జరుగుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఈ నిరోధాలను R₁, R₂, R₃, R₄ అని పిలుస్తారు. మన స్కీమ్‌లో P, Q, R, S. రెండు పుస్తకాలూ చదివే విద్యార్థి పటాన్ని ఒకచోటునుంచి, సమీకరణాలను మరోచోటునుంచి తెస్తే, పటంలో లేని అక్షరాలు సమీకరణాల్లో ఉంటాయి. దిద్దేవారికి రెండూ విడివిడిగా సరైనవిగానే కనబడినా, పటం నుంచి సమీకరణం వచ్చిందన్న ఆధారం తెగిపోతుంది. కాబట్టి చట్రం పైన మొదటి పంక్తిలోనే ఏ గుర్తులు వాడుతున్నామో రాసి పెట్టుకోవాలి.

ఇప్పుడు తెర మీద చూడండి. మేము చివరకు తయారుచేసిన చట్రంలో ఉత్పాదన భాగం ఇది. ఎడమ అంచున ఉన్న అంకెలు అర మార్కులు.

3 – పటం: A, B, C, D, P, Q, R, S, G, ఘటం, ఐదు బాణాలు

2 – B వద్ద I₁ − I₃ − I_g = 0; D వద్ద I₂ + I_g − I₄ = 0 (పటంలోని బాణాల ప్రకారం)

2 – ABDA: −I₁P − I_gG + I₂R = 0; BCDB: −I₃Q + I₄S + I_gG = 0 (పటం ప్రకారం)

0 – సంతులనంలో I_g = 0, కనుక I₁ = I₃, I₂ = I₄ (తప్పక రాయాలి)

1 – I₁P = I₂R, I₁Q = I₂S; భాగిస్తే P/Q = R/S (పై పంక్తి ఉంటేనే)

ఈ క్రమం స్కీమ్‌లో ఉన్న క్రమమే. అన్ని స్కీముల్లోనూ ఇలా ఉండదు. పటాన్ని చివర రాసే స్కీములు కూడా ఉంటాయి, ఎందుకంటే దిద్దేవారికి వరుస ముఖ్యం కాదు. రాసేవారికి మాత్రం పటం ముందు రావాలి, ప్రవాహాల పేర్లు పుట్టేది అక్కడే. చట్రంలో వరుసను మార్చుకోవచ్చు, అంకెలను మాత్రం ఎవరి పంక్తితో వారికే ఉంచాలి.

సమీకరణాల గుర్తుల విషయంలో విద్యార్థులకు ఒక భయం ఉంటుంది. స్కీమ్‌లో −I₁P − I_gG + I₂R = 0 అని ఉంటే తాను I₁P + I_gG − I₂R = 0 అని రాస్తే మార్కు పోతుందా అని. పోకూడదు, రెండూ ఒకటే సమీకరణం, రెండు వైపులా −1 తో గుణించినట్టే. పోయేది ఎప్పుడంటే, పటంలో I_g బాణాన్ని B నుంచి D కి వేసి, సమీకరణంలో D నుంచి B కి వెళ్తున్నట్టు రాసినప్పుడు. అందుకే చట్రంలో ‘పటంలోని బాణాల ప్రకారం’ అన్న మాట పెట్టాను. స్కీమ్‌లో ఆ మాట లేదు.

లెక్క భాగాన్ని త్వరగా చూద్దాం. P/Q = R/S నుంచి S = QR/P, అర మార్కు. S = 15 × 12 / 10, అర మార్కు. S = 18 Ω, ఒక మార్కు. ఫోటోలో జవాబు పక్కన ‘ప్రమాణంతో’ అన్న చిన్న మాట పంక్తికి పైన ఇరికించి రాసి ఉంది. ఆ మాట ఎక్కించడం మరిచిపోతే చట్రం తప్పవుతుంది, ఎందుకంటే ఆ మార్కు 18కి కాదు, 18 Ω కు. పంక్తుల మధ్య ఇరికించిన మాటలు సాధారణంగా స్కీమ్ రాసినవారికి తరువాత తట్టినవి. దిద్దేటప్పుడు వివాదం వచ్చే చోటు అదేనని ఊహించి చేర్చినవి. ఫోటోలో ఎక్కడైనా పంక్తికి పైన సన్నని రాత కనబడితే దాన్ని పెద్దది చేసి చదవండి.

19వ ప్రశ్నను కొంచెం ఆపి, ఒక 2 మార్కుల ప్రశ్న దగ్గరికి వెళతాను, ఎందుకంటే అక్కడ వచ్చే చిక్కు దీర్ఘ సమాధానంలో కనబడదు. అదే పేపర్లో ‘న్యూక్లియర్ రియాక్టర్‌లో మితకారి పని ఏమిటి? రెండు ఉదాహరణలివ్వండి’ అని ఒక ప్రశ్న ఉంది. స్కీమ్‌లో, వేగంగా కదిలే న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించడం, 1. కింద ‘భారజలం / D₂O, గ్రాఫైట్, బెరీలియం – ఏవైనా రెండు ½ × 2’. మా విద్యార్థుల్లో కొందరు ఎక్కించిన చట్రంలో భారజలం ఒక ఉదాహరణ, D₂O రెండో ఉదాహరణ. స్కీమ్‌లోని ఏటవాలు గీతకు ‘లేదా’ అని అర్థం. అదే వస్తువుకు రెండు పేర్లలో ఏది రాసినా ఒప్పుకోవాలని దిద్దేవారికి చెప్పే గుర్తు అది. కామా అయితే వేరు అంశం. ఫోటోలో ఏటవాలు గీత, కామా, అంకె ఒకటి, మూడూ ఒకేలా కనబడగలవు కనుక, రెండు మాటల మధ్య ఏమున్నదో తేలనప్పుడు గుర్తును కాక అర్థాన్ని అడగండి. భారజలం, D₂O ఒకటేనని తెలిసినవారికి ఆ గీత ఏమిటో తెలిసిపోతుంది. ‘ఏవైనా రెండు’ అన్నచోట చట్రంలో మూడింటినీ రాయకుండా, విద్యార్థికి బాగా గుర్తుండే రెండింటినే రాయమంటాను. మూడోదానికి మార్కు లేదు. పైగా తొందరలో మూడోదిగా కాడ్మియమో బోరానో రాస్తే, అవి నియంత్రణ కడ్డీలకు వాడేవి కనుక, తప్పు మాట ఒకటి జవాబులో చేరుతుంది.

మళ్లీ 19వ ప్రశ్నకు. చట్రం పైన ప్రశ్నను పూర్తిగా, మార్కులతో సహా రాసి పెట్టుకోవాలని చెప్పి ముందుకు వెళతాను. ‘కిర్కాఫ్ నియమాలు’ అన్న శీర్షిక మాత్రం పెడితే, తరువాత అదే విషయం 4 మార్కుల ప్రశ్నగా లెక్క లేకుండా వచ్చినప్పుడు విద్యార్థి ఈ పంపకాన్నే అక్కడా వాడతాడు. లెక్కకున్న 4 అరలు తీసేస్తే మిగిలేవి 12, ఆ ప్రశ్నకున్నవి 8. ఏ పంక్తినుంచి ఎన్ని తగ్గాయో ఈ ఫోటో చెప్పదు. చట్రం ఆ ప్రశ్నకే చెందుతుంది, ఆ అధ్యాయానికి కాదు.

ఇక మిగిలింది, తయారైన చట్రం సరైనదో కాదో పరీక్షించడం. దీనికి నేను వాడే పద్ధతి ఇది. ఇదే ప్రశ్నకు విద్యార్థులు రాసిన ఐదు జవాబులు తీసుకుంటాను, పేర్లూ హాల్ టికెట్ నంబర్లూ కనబడకుండా మడిచి. స్కీమ్‌ను చూడని ఒక అధ్యాపకుడికి చట్రం మాత్రమే ఇచ్చి దిద్దమంటాను. స్కీమ్ రాసినవారిని స్కీమ్‌తోనే దిద్దమంటాను. రెండు వరుసల అంకెలనూ అరల్లో పక్కపక్కన రాసి పోలుస్తాను. మొత్తాలను కాదు, పంక్తి పంక్తినీ పోల్చాలి, ఎందుకంటే ఒకచోట అర ఎక్కువ, మరోచోట అర తక్కువ ఇస్తే మొత్తంలో కనబడదు. వాలిన ఫోటో దగ్గర చూసిన సంగతే ఇది.

మా పరీక్షలో నాలుగు జవాబులు పంక్తి పంక్తికీ సరిపోయాయి. ఐదోదాంట్లో ఒక్క అర తేడా వచ్చింది. ఆ విద్యార్థి లూప్ సమీకరణాలు రెండూ సరిగ్గా రాసి, I_g = 0 అన్న మాట ఎక్కడా లేకుండా, నేరుగా P/Q = R/S అని కింద గీత గీసి ముగించాడు. అప్పటికి మా చట్రంలో I_g = 0 పంక్తి అసలు లేదు. దానికి మార్కు లేదు కదా అని ఎక్కించలేదు. చట్రంతో దిద్దినవారు చివరి అర మార్కు ఇచ్చారు. స్కీమ్ రాసినవారు ఇవ్వలేదు. సమీకరణాల్లో I_gG ఉండగా అది ఎలా మాయమైందో చెప్పకుండా నిబంధన రాదని ఆయన వాదన, అది సరైన వాదన. ఆ విద్యార్థి ఉత్పాదన చేయలేదు, గుర్తున్న ఫలితాన్ని రాశాడు.

నేను ఫోటో దగ్గరికి తిరిగి వెళ్లాను. అప్పటిదాకా ‘I_g = 0, పక్కన ఏమీ లేదు’ అని మేము చదివిన చోట, పెద్దది చేసి చూస్తే, ఆ పంక్తి చివరినుంచి కింది పంక్తిలోని ½ దాకా సన్నగా ఒక వంపు బాణం ఉంది. రూలు గీత మీద పడి కలిసిపోవడం వల్ల ముగ్గురికీ కనబడలేదు. సున్నా అర మార్కులతో ఆ పంక్తి చట్రంలోకి వచ్చింది అప్పుడే, మూడో గదిలో ‘తప్పక రాయాలి’ అన్న మాటతో సహా. చట్రంతో దిద్దిన మిత్రుడికి సవరించిన కాగితాన్ని, ముందటి దానిలాగే, స్కీమ్ చూపకుండా ఇచ్చి ఐదో జవాబును మళ్లీ దిద్దమన్నాను. ఈసారి ఆయన కూడా 15 అరలే వేశారు.